జవాబు కార్డు

రాజోలు రిజిస్ట్రారు కచేరీకి ఎదురుగా పెంకుటింటి అరుగు మీద ముప్పై ఏళ్ళుగా దస్తావేజులు రాస్తున్న ఆదినారాయణ పంతులుగారి నోట "తెలియదు" అన్న మాట విన్నవాళ్ళు ఆ తాలూకాలో లేరు. సరిహద్దు తగాదా అయినా, సంబంధం నిశ్చయమైనా, ఆవు ఈనకపోయినా వచ్చి అడిగేవారు. అడిగినవాడు అరుగు దిగేలోపు ఏదో ఒక మాట ఇచ్చి పంపేవాడాయన. తెలిసినవి తెలిసినట్టు చెప్పేవాడు, తెలియనివి ఇంకా గట్టిగా చెప్పేవాడు. లోకానికి కావలసింది ధీమాయే గదా. ఆ ఒక్క మాట అనడం చేతకాకపోవడం వల్ల ఒక ఆడమనిషి పుణ్యస్త్రీగా ఉండాలా, విధవ కావాలా అన్నది ఆయన కలం పోటు మీదికి వచ్చి కూర్చుంది. అది వచ్చిందన్న సంగతి కూడా ఆయనకి తెలియలేదు, అదీ విచిత్రం.

యాభై నాలుగో సంవత్సరం, చైత్రమాసం. ఆ రోజు కచేరీలో ముహూర్తం రోజు రద్దీ ఉంది. పోస్టుమాను ఒక జోడు కార్డు తెచ్చి బల్ల మీద పడేశాడు. జోడు కార్డు అంటే రెండు కార్డులు అంటుకుని వస్తాయి. ఒకదాని మీద మనం రాస్తాం, రెండోది జవాబుకి. అవతలివాడు చింపి, రాసి, డబ్బాలో వేస్తే చాలు, తపాలా ఖర్చు మనదే. జవాబు తప్పకుండా కావాలనుకున్నవాళ్ళు తప్ప అది కొనరు.

కార్డు మీద గుండ్రటి అక్షరాలతో మూడే ముక్కలు ఉన్నాయి.

"పంతులుగారికి నమస్కారములు. మీరేమంటారు? ఇట్లు, సూర్యావతి, చినమేరక లంక."

అంతే. ముందూ లేదు, వెనకా లేదు. ఆయన కార్డు తిప్పి చూశాడు. అవతలి పక్క చిరునామా తప్ప ఏమీ లేదు.

లోపల్నుంచి మజ్జిగ తెచ్చిన భార్య వెంకటరమణమ్మ భుజం మీంచి తొంగి చూసింది.

"ఏ విషయమండీ?"

"ఏదో తోట విషయంలే" అన్నాడు. అన్నాక, తోట విషయమే అయి ఉంటుందని ఆయనకే నమ్మకం కుదిరింది. అబద్ధం ముందు మనం చెబుతాం, ఆ తరవాత అదే మనకి చెబుతుంది.

నిజానికి ఆయనకి తెలిసింది చాలా తక్కువ. సూర్యావతి అంటే చినమేరక లంకలో మాణిక్యాలరావు తమ్ముడి భార్య. అన్నదమ్ములిద్దరూ బర్మాలోని రంగం వెళ్ళి బియ్యం మిల్లులో పనిచేశారు. నలభై రెండులో బాంబులు పడి జనమంతా అడవుల్లో పడి నడిచి వచ్చిన రోజుల్లో, పెద్దవాడు మాణిక్యాలరావు ఒక్కడే ఇల్లు చేరాడు. చిన్నవాడు జగ్గారావు రాలేదు. "దారిలో విడిపోయేం" అన్నాడట అన్నగారు. అంతకుమించి ఎవరు అడిగినా పెదవి విప్పలేదట. ఆ మాణిక్యాలరావు కూడా మొన్న మాఘమాసంలో ఉబ్బసం ముదిరి పోయాడు. ఇద్దరికీ ఉమ్మడిలో కొబ్బరితోట ఉంది. మనిషి ఉన్నాడో లేడో తేలక జగ్గారావు వాటా అలా పడి ఉంది. ఏడేళ్ళు కబురు లేకపోతే పోయినట్టే లెక్క అని కోర్టు చట్టం. ఏడు కాదు, ఇప్పటికి పన్నెండయ్యాయి. ఇంకేముంది, వాటా అమ్ముకోవచ్చా అని అడుగుతోంది. పంతులుగారి బుర్రలో ముక్కకి ముక్క అతుక్కుంది. అతుకు కనిపించకుండా అతుక్కుంది.

"ఏ సంగతమ్మా? మొదటినుంచి రాయి" అని జవాబు పంపడానికి అర నిమిషం పట్టేది. ఆ కార్డు వెళ్ళడానికి మూడు రోజులు, తిరిగి రావడానికి మూడు రోజులు. వారంలో తేలిపోయేది. కాని అలా రాస్తే, పంతులుగారు మరిచిపోయేడంటారు. వయసు మీద పడిందంటారు. పైగా ఎదురుగా నలుగురు స్టాంపు కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఏ ప్రశ్నకైనా సరిపోయే జవాబు ఒకటి ఆయన దగ్గర ఎప్పుడూ తయారుగా ఉండేది. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం. రెండో సగం చింపి, కలం ముంచి రాశాడు.

"చి. సౌభాగ్యవతి సూర్యావతికి ఆశీస్సులు. ఇన్నేళ్ళు ఆగినావు. ఇక ఆగి ప్రయోజనము లేదు. మీరు అనుకున్నట్లే కానిచ్చుకొనవలెను."

ఇసక చల్లి, ఆరాక పోస్టుమాను చేతికే ఇచ్చేశాడు. మజ్జిగ తాగాడు. ఆ తరవాత ఎనిమిది రోజుల దాకా ఆ కార్డు సంగతి ఆయనకి గుర్తులేదు.

తొమ్మిదో రోజు పొద్దున్న అరుగు ముందు ఒకాయన చెప్పులు విప్పి నిలబడ్డాడు. భుజాన సంచీ ఉంది. సంచీలోంచి దర్భకట్ట బయటికి పొడుచుకొచ్చి ఉంది.

"నమస్కారమండి. నా పేరు రాజబాబండి. చినమేరక లంకండి. జగ్గారావుకి పాలివాణ్ణండి. సామాన్లకని రాజోలొచ్చేను, తవరికో దణ్ణం పెట్టి పోదామని..."

"ఏం సామాన్లు?"

"అదేనండి, తవరి కార్డొచ్చింది కదండి. రేపొద్దున్న కార్యవండి. నిప్పు నేనే పెట్టాలండి, దగ్గర పాలివాణ్ణి కదా."

పంతులుగారి చేతిలో కలం ఆగింది. "ఎవరికి?"

రాజబాబు ఆయన కేసి వింతగా చూశాడు. "జగ్గారావుకండి. పన్నెండేళ్ళు నిండేయి కదండి."

అప్పుడు రాజబాబు నిలబడే అంతా చెప్పుకొచ్చాడు. మనిషి కనబడకుండా పోయి పన్నెండేళ్ళు నిండితే, దర్భలతో మనిషి బొమ్మ కట్టి, తలకి కొబ్బరికాయ పెట్టి, ఆ బొమ్మకి పోయినవాడి పేరు పెట్టి దహనం చేస్తారు. అప్పటినుంచి ఆ మనిషి లేనట్టే. ఆ తరవాత నిజంగా తిరిగొచ్చినా గుమ్మం ఎక్కనివ్వరు, మళ్ళీ పుట్టినట్టు కర్మలన్నీ చేస్తే తప్ప. అందుకని పురోహితుడు ముందే అడిగాడట. బతికున్నట్టు గాని, పోయినట్టు గాని తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా, ఉంటే కనుక్కోండి, ఊరికే చెయ్యకూడదు అని.

"మాణిక్యాలరావు పోతా పోతా ఆ అమ్మాయి చెయ్యట్టుకుని చెప్పేడండి. జగ్గడి సంగతంతా రాజోలు పంతులుగారికి చెప్పేను, ఆయన ఏవంటే అది చెయ్యి అన్నాడండి. అందుకనే తవరికి కార్డు రాసింది. మా లంకలో కార్డంటే ఊరందరిదీ కదండి, పోస్టుమాను రేవులోనే చదివేస్తాడు. కవరు రాస్తే ఏం దాచుకుందోనంటారు. అందుకని తవరికి తెలుసు కదాని ఒక్క ముక్కే రాసిందండి."

మాణిక్యాలరావు ఆయనకి చెప్పింది ఏమీ లేదు. ఒక్క ముక్క కూడా లేదు. చచ్చిపోయేవాడు ఎందుకలా అన్నాడో అర్థం కాలేదు. ఆ తరవాత, ఎండలో నిలబడ్డ రాజబాబు సంచీలోని దర్భకట్ట కేసి చూస్తుండగా, కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం ఆయనకి గుర్తుకొచ్చింది.

"ఉండు, నేనూ వస్తాను" అన్నాడు. కండువా కూడా వేసుకోకుండా దిగాడు. అరుగు మీద సగం రాసిన క్రయదస్తావేజు అలాగే ఉండిపోయింది. వెంకటరమణమ్మ గుమ్మంలోంచి పిలిచినా వినిపించుకోలేదు.

కాలవగట్టు మీద జట్కా దొరికింది. రాజబాబు దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. పంతులుగారికి మాత్రం ఆ కార్తీక మధ్యాహ్నమే కళ్ళ ముందు కూర్చుంది. ఆ రోజు మాణిక్యాలరావు వచ్చి అరుగు చివర కూర్చున్నాడు. గోలీసోడా తెప్పించుకున్నాడు. అంతకుముందు శ్రావణంలో వచ్చిన వరద గురించి మాట్లాడాడు. లంకలో పాకలు ఎలా కొట్టుకుపోయాయో చెప్పాడు. సోడా అయిపోయినా లేవలేదు. గంటసేపు సీసాలో గోలీని అటూ ఇటూ దొర్లిస్తూ కూర్చున్నాడు. చివరికి లేస్తూ, "రాయించుకోడానికి కాని సంగతులు కూడా తవరు వింటారాండీ?" అని అడిగాడు. పంతులుగారికి అప్పుడు చేతినిండా పని. తల ఎత్తకుండానే, "రాయించని సంగతికి రిజిస్ట్రారు కచేరీ దగ్గర పనేముందయ్యా?" అన్నాడు. అరుగు మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. మాణిక్యాలరావు కూడా నవ్వాడు. "ఆయ్, నిజవేనండి" అని చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

ఇంటికి వెళ్ళి, చెప్పేశానన్నాడన్నమాట. చెప్పడానికి వచ్చినవాణ్ణి నవ్వి పంపేశాను, చెప్పానని అబద్ధమాడి చచ్చిపోయాడు అనుకున్నాడు పంతులుగారు. పక్కన ఖాళీగా ఉన్న చోట ఎవరో గోలీసోడా సీసా పట్టుకుని కూర్చున్నట్టే అనిపించింది. రేవులో పడవ ఎక్కాక కూడా ఆ మనిషి దిగలేదు.

లంక చేరేసరికి పొద్దు వాలుతోంది. సూర్యావతి ఇంటి అరుగు మీద పురోహితుడు బొమ్మ కట్టడం పూర్తిచేస్తున్నాడు. దర్భల కాళ్ళు, దర్భల చేతులు, నడుముకి తెల్లగుడ్డ. తలకి పెట్టిన కొబ్బరికాయ మూడు కళ్ళూ ఎదురుగా వచ్చేవాళ్ళ కేసే తిరిగి ఉన్నాయి. పంతులుగారు గుమ్మం దగ్గర ఆగిపోయాడు. ఆ బొమ్మని కట్టింది పురోహితుడు కాదు, తనే. మూడు వాక్యాలతో కట్టాడు.

సూర్యావతి లోపల్నుంచి వచ్చింది. ముప్పై దాటిన మనిషి. నుదుటి మీద ఇంకా బొట్టు ఉంది, చేతులకి గాజులు ఉన్నాయి. కొంగులో మడిచిపెట్టుకున్న కార్డు అంచు కనిపిస్తోంది.

"రండి పంతులుగారూ. మీరే వస్తారనుకోలేదండి" అంటూ పీట వేసింది. ఆయన కూర్చోలేదు.

"అమ్మా, ఆ కార్డు..."

"అయిదారు రోజులనించీ చదువుతున్నానండి. పైన సౌభాగ్యవతి అని రాసేరు. కింద ఇక ఆగి ప్రయోజనం లేదన్నారు. మొదట ఏది నమ్మాలో తెలవలేదండి. మళ్ళీ అనుకున్నాను, రేపటిదాకా ఆ మాటనిపించుకోమని పెద్దమనసుతో రాసుంటారని." ఆమె గొంతు స్థిరంగానే ఉంది. "ఒక్కటే అడుగుతానండి. ఎక్కడ పోయేరండీ ఆయన? అడివిలోనా, ఊళ్ళోనా? మా బావగారు మీకేం చెప్పేరో అది నాకు చెప్పండి. నిప్పు పెట్టేలోపు వినాలనుందండి."

"నాకేమీ తెలియదమ్మా."

ముప్పై ఏళ్ళలో మొదటిసారి అన్న మాట. అన్నాక పెద్ద బరువు దిగుతుందనుకున్నాడు కాబోలు, ఏమీ దిగలేదు. ఆమె నమ్మలేదు. చిన్నపిల్లవాడు బొంకితే తల్లి చూసినట్టు జాలిగా చూసింది.

"అలాగనకండి. నేనేడుస్తానని అంటున్నారు. ఏడవనండి. పన్నెండేళ్ళేడిచేను. చెడ్డ చావేనాండీ? పక్కన ఎవరూ లేకుండా పోయేరాండీ?"

"నిజంగా తెలియదమ్మా. నేను తోట వాటా గురించి అడిగావనుకుని రాశాను."

"తోటా?" అంది. ఆ మాట ఆమెకి పరాయి భాషలా వినిపించినట్టుంది. "ఆయన వాటా నేనమ్ముకోవడం ఏంటండీ?"

పురోహితుడు దారం పట్టుకుని అలాగే ఉండిపోయాడు. రాజబాబు ఒకసారి పంతులుగారి కేసీ, ఒకసారి బొమ్మ కేసీ చూస్తున్నాడు.

ఆ క్షణంలో పంతులుగారికి నాలుక చివర ఒక మాట వచ్చి నిలబడింది. జ్వరం వచ్చిందట, అన్నగారి ఒళ్ళో తల పెట్టుకుని నిద్రలోనే పోయాడట, నీ పేరే తలుచుకున్నాడట అంటే చాలు. ఎంత తేలిక! రేపు బొమ్మ కాలుతుంది, ఈ మనిషి మనసు చల్లబడుతుంది, తనకీ పరువు దక్కుతుంది. పోయినవాడు వచ్చి కాదనడు, చెప్పనివాడూ వచ్చి కాదనడు. ఇలాంటివి రోజుకి పది చెప్పిన నోరే అది. కాని పక్కన సోడా సీసా పట్టుకుని కూర్చున్న మనిషి ఇంకా లేవలేదు. అతను చెప్పుకోలేకపోయిన దాని స్థానంలో తన కల్పన పెడితే, ఆ మనిషి నోరు రెండోసారి మూసినట్టే అనిపించింది. పంతులుగారు ఆ మాటని మింగేశాడు.

అప్పుడు పీట మీద కూర్చుని, కార్తీక మధ్యాహ్నం జరిగింది జరిగినట్టు చెప్పాడు. సోడా, వరద, గోలీ దొర్లించడం, లేస్తూ అడిగిన ప్రశ్న, తను తల ఎత్తకుండా ఇచ్చిన జవాబు, అందరూ నవ్వడం, ఏదీ వదలలేదు.

సూర్యావతి వింటూ గుమ్మానికి ఆనుకుని కిందికి జారి కూర్చుంది. అప్పుడు అడిగింది.

"ఎంతసేపు కూర్చున్నారండీ మా బావగారు?"

"గంటసేపు."

"గంటసేపూ వరద గురించేనాండీ?"

"అవునమ్మా."

"లంకలో ఆయన పది నిమిషాలు ఒక్కచోట కూర్చునేవారు కాదండి" అంది. మళ్ళీ, "అయితే చెప్పాల్సిందేదో ఉందన్నమాట" అంది. "ఏవీ లేకపోతే అంతసేపు కూర్చోరు. చచ్చిపోయేరని చెప్పడానికైతే అంత ఇబ్బందేం లేదు కదండి, అది అందరూ అనుకుంటున్నదే. వదిలేసొచ్చేరో ఏంటో. ప్రాణం ఉండగానే వదిలేసొచ్చేరో..."

గోదావరి మీంచి గాలి వచ్చి, బొమ్మ దర్భలు సన్నగా కదిలాయి. ఆమె దానికేసే చూస్తోంది. పంతులుగారికి ఇక్కడికి పరుగెత్తుకొచ్చి తను చేసింది మేలా, కీడా తేల్చుకోవడం చేతకాలేదు. తెచ్చింది ఊరట కాదు, అనుమానం. అయినా అది ఆమెది. కార్డు మీద తను రాసిన ధీమా ఎవరిదీ కాదు.

పురోహితుడు మెల్లిగా దగ్గాడు. "అమ్మా, రేపటి కార్యం సంగతి..."

సూర్యావతి పంతులుగారి కేసి తిరిగింది. కొంగులోంచి కార్డు తీసి ఇద్దరి మధ్యా నేల మీద పెట్టింది.

"ఇప్పుడు మీకూ నాకూ ఒకటే తెలుసు. ఇప్పుడు చెప్పండి. మీరేమంటారు?"

అదే ప్రశ్న. ఇప్పుడు దానికి ముందూ ఉంది, వెనకా ఉంది. పన్నెండేళ్ళూ దాని వెనక నిలబడి ఉన్నాయి. పంతులుగారు నోరు తెరిచాడు. చట్టం ఏడేళ్ళంటుంది, శాస్త్రం పన్నెండంటుంది, ఆ రెండూ ఆయనకి కంఠతా వచ్చు. రెండూ ఈ ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయాయి.

"తెలియదమ్మా" అన్నాడు. ఈసారి ఆమె నమ్మింది.

ఆమె లేచి వెళ్ళి బొమ్మని రెండు చేతులతో ఎత్తుకుంది. కొబ్బరికాయ తల పక్కకి వాలితే భుజానికి ఆనించుకుంది, నిద్రపోయిన మనిషిని లోపలికి మోసుకెళ్ళినట్టు.

"రేపు లేదు బావా. నిప్పు వద్దు" అంది రాజబాబుతో. పురోహితుడికి ఇవ్వవలసింది ఇచ్చి పంపమంది. దర్భల ముడి విప్పుతుందేమోనని అందరూ చూశారు. విప్పలేదు. నిచ్చెన వేయించి, అటక మీద బోర్లించిన బిందెల వెనక పెట్టించింది. కాల్చడానికి మనసు రాలేదు, విప్పడానికీ రాలేదు. బొట్టు అలాగే ఉంచుకుంది.

పంతులుగారు మర్నాడు రాజోలు వచ్చేశాడు. ఆ తరవాత అరుగు మీదికి వచ్చినవాళ్ళు ఆయనలో మార్పు కనిపెట్టి గొణుక్కునేవారు. చిన్న విషయం అడిగినా, "మొదటినుంచి చెప్పు" అంటాడు. "నాకు ఇదివరకు చెప్పావా?" అంటాడు. పంతులుగారికి మతిమరుపు వచ్చిందన్నారు. తేలిగ్గా జవాబులిచ్చే కుర్ర లేఖరి ఒకడు పక్క అరుగు మీద వెలిశాడు, సగం బేరం అటు పోయింది. ఎవరైనా పని అయ్యాక కూడా లేవకుండా కూర్చుంటే మాత్రం, పంతులుగారు కలం కింద పెట్టి ఆ మనిషి కేసి తిరిగి కూర్చుంటాడు.

ఏటా చైత్రంలో చినమేరక లంక నుంచి జోడు కార్డు వస్తుంది. అవే గుండ్రటి అక్షరాలు. "మీరేమంటారు?" అని తప్ప మరేమీ ఉండదు. పంతులుగారు రెండో సగం చింపి బల్ల మీద పెట్టుకుంటాడు. అరుగు చివర, ఎవరూ కూర్చోని చోటుకేసి చూస్తాడు. కలం ముంచుతాడు, సిరా ఆరిపోతుంది, మళ్ళీ ముంచుతాడు. ఆయన రాసేది ఒక్కటే మాట, తెలియదు అని. ఆ ఒక్క మాట రాయడానికి ఆయనకి గంటసేపు పడుతుంది.